పక్క చీరల షాపుకి టైలరు పంపే మెసేజ్‌లో ఏముండాలి

"నమస్తే సర్, మన ఇద్దరి కస్టమర్లూ ఒకళ్లే కాబట్టి టై అప్ పెట్టుకుందాం. మీరు మమ్మల్ని ప్రమోట్ చేయండి, మేము మిమ్మల్ని ప్రమోట్ చేస్తాం. ఇద్దరికీ లాభం." చిన్న వ్యాపారాల వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటి నమూనా మెసేజ్ ఒకటి చేతులు మారుతూ ఉంటుంది. బేకరీ అయినా జిమ్ అయినా పేర్లు మార్చి పంపేసుకోవచ్చని కింద సలహా కూడా ఉంటుంది. పేర్లు మార్చి ఎవరైనా పంపుకోగలిగిన మెసేజ్‌కి జవాబు రాదన్నది నా అభిప్రాయం. ఎందుకు రాదో, ఏది రాస్తే వస్తుందో ఒక్క జతని తీసుకుని చెబుతాను. ఆ జత లేడీస్ టైలరు, అదే వీధిలోని చీరల షాపు.

ఈ జతనే ఎంచుకోవడానికి కారణముంది. చీర కొన్నావిడకి ఆ తర్వాత మూడు పనులుంటాయి: ఫాల్ వేయించాలి, పీకో చేయించాలి, జాకెట్టు కుట్టించాలి. ఆ మూడూ అయ్యేదాకా చీర కట్టుకోలేదు. అంటే చీరల షాపు అమ్మకం గల్లా దగ్గర అయిపోయినట్టు కనిపించినా, కొన్నావిడ దృష్టిలో సగమే అయింది. మిగతా సగం టైలరు చేతిలో ఉంది. ఆ సగం గురించి షాపాయనకి తెలియని సంగతి ఒకటి టైలరుకి తెలుసు. మెసేజ్‌లో మొదటి మాట అదే కావాలి.

ముందు సంచులు లెక్కపెట్టాలి

జాకెట్టుకి ఇచ్చే చీర చాలాసార్లు కొన్న షాపు సంచిలోనే టైలరు దగ్గరికి వస్తుంది. ఒక వారం పాటు, వచ్చిన ప్రతి చీరకీ ఏ షాపు సంచో, చీర ధర సుమారుగా ఎంతో, జాకెట్టు ఎప్పటికి కావాలన్నారో ఆర్డరు పుస్తకంలో పక్కన రాసుకోవాలి. వారం చివర చూస్తే, ముప్పై నాలుగు చీరల్లో తొమ్మిది పక్క షాపువి అని తేలిందనుకుందాం. "మన కస్టమర్లు ఒకళ్లే" అన్నది ఊహ. "ముప్పై నాలుగింటిలో తొమ్మిది మీ సంచిలో వచ్చాయి" అన్నది ఆయన ఇంకెక్కడా వినని సమాచారం. షాపు గడప దాటాక తన చీర ఎటు వెళ్తుందో ఆయనకి ఎవరూ చెప్పలేదు.

ఇదే లెక్క అసలు మెసేజ్ పంపాలా వద్దా అన్నదీ తేలుస్తుంది. తొమ్మిదికి బదులు ఒకటే వచ్చిందంటే రెండు కారణాలుండొచ్చు. ఆ షాపువాళ్లకి ఇప్పటికే ఇంకో టైలరు ఉండొచ్చు. లేదా రేట్లు కలవకపోవచ్చు. ఆరువందల ఫ్యాన్సీ చీర కొన్నావిడ పన్నెండువందలు పెట్టి జాకెట్టు కుట్టించదు. పాతికవేల పట్టుచీర కొన్నావిడ మూడువందల జాకెట్టుకి భయపడుతుంది, గుడ్డ పాడుచేస్తారేమోనని. మగ్గం వర్క్ చేసేవాళ్లకి పట్టుచీరల షాపు సరిజోడు, మామూలు లైనింగ్ జాకెట్లు కుట్టేవాళ్లకి రోజువారీ, ఫ్యాన్సీ చీరలమ్మే షాపు సరిజోడు. పక్కనే ఉండటం ఒక్కటే చాలదు.

ఇంకొకటి కూడా ముందే కనుక్కోవాలి. చాలా షాపుల్లో ఫాల్, పీకో వాళ్లే చేయించి ఇస్తారు, దాని మీద కొంత మిగుల్చుకుంటారు. అలాంటి షాపుకి "మీ కస్టమర్లకి ఫాల్, పీకో ఉచితంగా వేసిస్తాను" అని రాస్తే, ఆయన రాబడికి గండి కొడతానని రాసినట్టే. మర్యాదగా రాసినా జవాబు రాదు, ఎందుకు రాలేదో కూడా తెలియదు. అక్కడ ఫాల్ మాట ఎత్తకుండా, పలానా రోజుకి జాకెట్టు ఇస్తానన్న హామీ ఒక్కటే ఇవ్వాలి.

ఆషాఢానికి ముందే ఎందుకు

ఈ ఒప్పందానికి ఏడాదిలో ఒక సరైన సమయం ఉంది. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కాబట్టి షాపులు తగ్గింపు ధరలు పెడతాయి. చీరలు అప్పుడు కొంటారు, కట్టేది శ్రావణంలో. మంగళగౌరి నోములు, వరలక్ష్మీ వ్రతం, పెళ్లిళ్లు అన్నీ అక్కడే. ఆషాఢం మొదటి పక్షంలో షాపుకి రద్దీ, టైలరుకి కాస్త ఖాళీ. శ్రావణం వచ్చేసరికి టైలరుకి ఊపిరాడదు. అంటే అటు కస్టమర్లు ఉండి ఇటు చేతులు ఖాళీగా ఉండేది మహా అయితే మూడు వారాలు. మెసేజ్ జ్యేష్ఠం చివర్లోనే వెళ్లాలి. శ్రావణం మొదటి వారంలో పంపితే, షాపు పంపిన మనుషుల్ని టైలరే వెనక్కి పంపాల్సి వస్తుంది. తిరిగివెళ్లిన మనిషి షాపుకే వెళ్లి అడుగుతుంది, "మీరు చెబితేనే కదా వెళ్లాం" అని.

అందుకే మెసేజ్‌లో వారానికి ఎన్ని జాకెట్లో అంకె ఉండాలంటాను. ఇది కొందరికి వింతగా తోస్తుంది. పని అడుగుతూ, ఇంతకంటే వద్దనడం ఏమిటని. కానీ లెక్క చూడండి. రెండు మిషన్లు, ఒక హెల్పరు ఉన్నచోట రోజుకి ఆరు లైనింగ్ జాకెట్లు తయారవుతాయనుకుందాం. ఆషాఢంలో అందులో పాత కస్టమర్లవి నాలుగు. మిగిలేవి రెండు. వారానికి ఆరు రోజుల పని, పన్నెండు జాకెట్లు. షాపుకి ఇవ్వగలిగిన మాట అంతే. పదమూడోది ఒప్పుకుంటే అది పాత కస్టమరు జాకెట్టుని వెనక్కి నెట్టి కుట్టిందే అవుతుంది.

ఎన్ని రోజుల్లో ఇస్తామన్నదీ వెనక నుంచి లెక్కవేసుకోవాలి. వరలక్ష్మీ వ్రతం శ్రావణ పౌర్ణమికి ముందు వచ్చే శుక్రవారం. జాకెట్టు గురువారం ఇస్తే చేతులు బిగుతుగా ఉన్నా, మెడ జారినా సరిచేసే సమయం ఉండదు. బుధవారం ఇస్తే ఒకరోజు చేతిలో ఉంటుంది. కాటన్ లైనింగ్ నీళ్లలో నానబెట్టి ఆరేయకుండా కుడితే మొదటి ఉతుక్కే లోపల కుదించుకుపోతుంది, పై గుడ్డ ముడతలు పడుతుంది. ఆషాఢ శ్రావణాలు వానాకాలం, ఆరడానికే ఒక పూట, ఒక్కోసారి రోజంతా పడుతుంది. ఎక్కువగా అడిగే రంగుల లైనింగు ముందే తడిపి ఆరేసి మడతపెట్టుకున్నవాళ్లకి ఆ రోజు కలిసొస్తుంది. ఇవన్నీ లెక్కేస్తే "ఆరో రోజుకి" అన్నది నిలబడే మాట. "రెండు రోజుల్లో" అన్నది మెసేజ్‌లో బాగుంటుంది కానీ నిలబడదు.

ఇక మెసేజ్

"నమస్తే అన్నయ్యా. మీకు రెండు షాపుల అవతల లేడీస్ టైలరింగ్ మాది. పోయిన వారం మా దగ్గరికి జాకెట్టుకి వచ్చిన 34 చీరల్లో 9 మీ సంచిలో వచ్చినవే.

ఆషాఢంలో మూడు వారాలు, మీ బిల్లు తెచ్చి మా దగ్గర జాకెట్టు కుట్టించుకునేవాళ్లకి ఫాల్, పీకో ఉచితంగా వేసిస్తాను. అది మీ షాపు తరఫున అనే చెబుతాను. జాకెట్టు ఆరో రోజుకి ఇస్తాను. పని చెడకూడదు కాబట్టి వారానికి 12 మాత్రమే తీసుకుంటాను.

మీరు బిల్లుతో పాటు మా చీటీ ఒకటి సంచిలో వేస్తే చాలు. కొత్త చీర కొనాలని అడిగేవాళ్లకి నేను మీ చీటీ ఇస్తాను.

కుదరకపోతే పర్వాలేదు అన్నయ్యా. రేపు మధ్యాహ్నం మూడింటికి చీటీ తెచ్చి చూపించనా?"

ఇంతే. లోగో, ఫొటోలు, దండాల బొమ్మలు ఏమీ అక్కర్లేదు. ఆయన మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేసే మనిషైతే ఇదే మెసేజ్ అలాగే పంపడం మేలు. తెలంగాణలో అయితే "అన్నా" అంటే సరిపోతుంది, పెద్దాయన అయితే పేరు పక్కన గారు పెట్టాలి. షాపు ఆడవాళ్లు చూసుకుంటుంటే "అక్కా".

ఇందులో నేను పట్టుబట్టేవి కొన్ని ఉన్నాయి. మొదటిది, ఆయన చేయాల్సిన పని ఒక్కటే, అదీ చాలా చిన్నది. సంచిలో చీటీ వేయడం గల్లా దగ్గర కుర్రాడు కూడా మర్చిపోకుండా చేయగలిగిన పని. "మీ కస్టమర్లకి మా గురించి చెప్పండి" అంటే రద్దీలో ఎవరూ చెప్పరు. "మీ వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో మా పోస్టరు పెట్టండి" అని అడిగేవాళ్లున్నారు. బ్రాడ్‌కాస్ట్ లిస్టుకి పంపింది ఆ షాపు నంబరుని తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది, ఒక లిస్టులో 256 మందికి మించి పట్టరు. చేరినవాళ్లలోనూ ఆ రోజు చేతిలో కుట్టించాల్సిన చీర ఉన్నవాళ్లెంతమంది? సంచిలో చీటీ అయితే కచ్చితంగా అప్పుడే చీర కొన్నవాళ్ల చేతికే వెళ్తుంది. ఇక కస్టమర్ల ఫోన్ నంబర్లు ఇవ్వమని అసలే అడగొద్దు. బిల్లు కోసం ఇచ్చిన నంబరు ఇంకో షాపుకి వెళ్లిందని తెలిస్తే ఆడవాళ్లకి ముందు పోయేది ఆ షాపు మీద నమ్మకం. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా ఏ పని కోసం సమ్మతి తీసుకున్నారో ఆ పనికే వాడాలంటోంది.

రెండోది, "జాకెట్టు కుట్టించుకునేవాళ్లకి" అన్న షరతు. ఇది వదిలేసి "మీ బిల్లు తెస్తే ఫాల్ ఉచితం" అని రాస్తే, జాకెట్టు వేరేచోట ఇచ్చి ఫాల్‌కి మాత్రం ఇక్కడికి వచ్చేవాళ్లతో వాకిలి నిండిపోతుంది. చేతికుట్టుతో ఫాల్ వేయడానికి అరగంట పైనే పడుతుంది. డబ్బు రాని అరగంటలు పోగైతే వారంలో ఒక పూట పని ఎగిరిపోతుంది. షరతుని మెసేజ్‌లోనూ చీటీ మీదా ఒకే మాటల్లో రాయాలి. షాపులో కుర్రాడు ఒకలా చెప్పి, టైలరు ఇంకోలా చెబితే గొడవ అక్కడే మొదలవుతుంది.

మూడోది, "మీ షాపు తరఫున" అన్న మాట. ఖర్చు టైలరుది, పేరు షాపుది. చాలామందికి ఇక్కడే మనసొప్పదు. నాకు మాత్రం మెసేజ్ మొత్తంలో బలమైన మాట ఇదే అనిపిస్తుంది. ఆషాఢంలో పక్కన నాలుగు షాపులూ తగ్గింపే ఇస్తున్నప్పుడు, "ఫాల్, పీకో మా తరఫున, జాకెట్టు ఆరో రోజుకి రెడీ" అనగలిగిన సేల్స్‌మన్ చేతిలో కొత్త మాట ఒకటుంటుంది. వ్రతానికి టైలరు దొరకదేమోనని చీర పక్కనపెట్టే మనిషిని ఆ మాటే నిలబెడుతుంది.

కమీషన్ మాటేమిటి

ఇక్కడ ఎదురయ్యే వాదన గట్టిదే. మన బజార్లలో మనిషిని పంపితే ఎంతో కొంత చేతిలో పెట్టడం ఎప్పటినుంచో ఉంది. డబ్బు లేనిదే ఎవరు పంపుతారు, మెసేజ్‌లో "జాకెట్టుకి యాభై మీకు" అని రాస్తే రేపే మనుషులొస్తారు కదా అంటారు. నిజమే, వస్తారు. కానీ ఆ యాభై ఎవరికి? యజమానికి ఇస్తే, మనిషిని పంపే సేల్స్‌మన్‌కి ఏమీ లేదు. సేల్స్‌మన్‌కి ఇస్తే యజమానికి తెలిసిన రోజున ఇద్దరికీ చెడుతుంది. పైగా తలకింత అని వచ్చినప్పుడు పంపేవాడు మనిషిని చూడడు. మగ్గం వర్క్ కావాలన్నావిడనీ, రేపటికే కావాలన్నావిడనీ అందర్నీ పంపుతాడు. నెల తిరిగేసరికి ఎన్ని వచ్చాయన్నది ఇద్దరి పుస్తకాల్లో రెండు రకాలుగా ఉంటుంది.

ఫాల్, పీకో రూపంలో ఇచ్చినా డబ్బు ఖర్చు లేకపోలేదు. ఒక చిన్న పట్టణం రేట్లు అనుకుని లెక్కేద్దాం. ఫాల్ గుడ్డ 30, వేసే మనిషికి కూలి 40, పీకోకి 10, మొత్తం 80 రూపాయలు. జాకెట్టు కుట్టుకూలి 400 అయితే అందులో ఐదో వంతు పోయినట్టే. వారానికి పన్నెండింటి మీద 960. ఇది చిన్న మొత్తం కాదు. ఖాళీగా ఉండే మిషను మీద వచ్చే 4,800లోంచి పోతుంది కాబట్టి ఆషాఢంలో సరిపోతుంది. శ్రావణంలో ఆ పన్నెండు జాకెట్లూ ఎలాగూ వస్తాయి, అప్పుడూ ఇస్తే అది శుద్ధ నష్టం. మెసేజ్‌లో "మూడు వారాలు" అని గడువు పెట్టింది మొహమాటం లేకుండా ఆపడానికే.

షాపాయన "అది సరే, నాకేంటి?" అని నేరుగా అడిగితే? కొందరు అడుగుతారు, అందులో తప్పేం లేదు. అప్పుడు కూడా తలకింత అనకుండా, ఫాల్ గుడ్డలు, లైనింగు ఆయన దగ్గరే కొంటానని చెప్పొచ్చు, ఆయన అవి అమ్ముతుంటే. టైలరు ఎక్కడో ఒకచోట కొనాల్సినవే అవి. దానికీ ఒప్పుకోకపోతే వదిలేసి వీధిలో ఇంకో షాపు చూసుకోవడమే.

బోణీ కాకముందు పంపొద్దు

పొద్దున షాపు తెరవగానే, బోణీ కాకముందు, ఏదో అడుగుతూ వచ్చిన మెసేజ్‌ని ఆయన చూసి కూడా పక్కన పెట్టేస్తాడు. సాయంత్రం ఐదు తర్వాత రద్దీ. పదకొండున్నరకీ ఒంటిగంటకీ మధ్య పంపితే మధ్యాహ్నం భోజనం వేళ చదువుతాడు.

రెండు షాపుల అవతలే ఉన్నప్పుడు వెళ్లి నోటితో చెప్పొచ్చు కదా, మెసేజ్ ఎందుకని అడగొచ్చు. ఆ సందేహం నాకూ ఉండేది. కౌంటర్ ముందు నిలబడి అడిగితే, ఎదురుగా కస్టమరుండగా ఆయన కాదనలేడు, ఆలోచించనూ లేడు. "చూద్దాంలెండి" అంటాడు, అది అక్కడితో సరి. పైగా నిర్ణయం చేసేది కౌంటర్లో కూర్చున్న తమ్ముడు కాకపోవచ్చు, సూరత్‌కి సరుకు కొనడానికి వెళ్లిన అన్న కావొచ్చు. మెసేజ్ అయితే తమ్ముడు అన్నకి పంపగలడు, అంకెలు మారకుండా వెళ్తాయి. వాయిస్ మెసేజ్ ఈ పనికి రాదు, కస్టమర్ల మధ్య దాన్ని ఎవరూ పైకి పెట్టి వినరు. మెసేజ్ ముందు, మనిషి తర్వాత. చివర్లో "మూడింటికి" అన్నది అందుకే. జవాబు రాకపోయినా ఆ వేళకి చీటీ పట్టుకుని ఒకసారి వెళ్లడంలో తప్పు లేదు. అప్పుడూ అవుననకపోతే మళ్లీ అడగొద్దు.

ఒప్పుకున్నాక చెడేది ఎక్కడ

ఒప్పందాలు ఎక్కువగా చెడేది మెసేజ్ దగ్గర కాదు, కత్తెర దగ్గర. షాపు పంపిన చీరలో నేత లోపమో, మరకో ఉందనుకోండి. జాకెట్టు ముక్క కత్తిరించాక, ఫాల్ వేశాక ఆ చీరని షాపు వెనక్కి తీసుకోదు. "ఇచ్చినప్పుడు బాగానే ఉంది, టైలరే పాడుచేసింది" అని షాపు, "వచ్చిందే అలా" అని టైలరు. మధ్యలో కొన్నావిడ. అందుకని షాపు చీటీతో వచ్చిన ప్రతి చీరనీ ఆవిడ ముందే పూర్తిగా విప్పి, రెండు అంచులూ పైటకొంగూ చూసి, లోపం ఏదైనా ఉంటే కత్తెర పెట్టకుండా ఫొటో తీసి అప్పుడే షాపుకి పంపేయాలి. రెండు మూడు నిమిషాల పని. ఇది షాపాయనకి ముందే చెబితే ఇంకా మంచిది, తన చీరని తప్పుపట్టడానికి చూస్తున్నారని అనుకోడు.

రన్నింగ్ బ్లౌజ్ ఉన్న చీరల్లో ఇంకో ప్రమాదం ఉంది. జాకెట్టు ముక్క కొన్నిటిలో కొంగు చివర ఉంటుంది, కొన్నిటిలో లోపల దోపుకునే చివర ఉంటుంది. కత్తిరించే ముందు మొత్తం పొడవు కొలవాలి. ముక్కతో కలిపి సుమారు ఆరుంబావు మీటర్లుంటే, 80 సెంటీమీటర్లు తీశాక చీరకి ఐదున్నర దాకా మిగులుతుంది. మొత్తమే ఐదున్నర ఉంటే దానికి ముక్క లేదన్నమాట, కత్తిరిస్తే కుచ్చిళ్లు చాలవు. కొలత మనిషికి తీసుకున్నా, ఆది జాకెట్టు తెచ్చినా, కొత్త కస్టమరు కాబట్టి కుట్టులోపల రెండు పక్కలా ఒక అంగుళం గుడ్డ వదలడం మంచిది.

పన్నెండు నిండిన రోజున షాపుకి ఒక్క లైను వెళ్లాలి: "అన్నయ్యా, ఈ వారానికి నిండాయి, సోమవారం నుంచి చీటీలు వేయించండి." ఇది పంపడం మర్చిపోతేనే ఆరో రోజు అన్న మాట తప్పుతుంది.

చీటీల లెక్క కూడా ఇక్కడే పనికొస్తుంది. వంద చీటీలకి వరస నంబర్లు వేసి ఇస్తే, వారం తర్వాత షాపులో ఎన్ని మిగిలాయో, టైలరు దగ్గరికి ఎన్ని వచ్చాయో తెలుస్తుంది. వందలో తొంభై అక్కడే ఉంటే కుర్రాడు సంచిలో వేయడం లేదు. గల్లా పక్కన కాకుండా సంచుల కట్ట మీదే పెట్టమని అడగాలి. నలభై వెళ్లి రెండే వచ్చాయంటే చీటీలు వెళ్తున్నాయి, రేటో చీటీ మీద మాటలో వాళ్లకి నచ్చడం లేదు. నలభై వెళ్లి పన్నెండు వస్తే ఇద్దరూ సరిజోడే.

మూడు వారాలయ్యాక రెండో మెసేజ్ ఒకటి పంపాలి. చాలామంది ఇది పంపరు, ఒప్పందం అడగకుండానే ఆరిపోతుంది. "అన్నయ్యా, మూడు వారాల్లో మీ చీటీతో 31 జాకెట్లు వచ్చాయి. 29 చెప్పిన రోజుకి ఇచ్చాను, రెండు ఒకరోజు ఆలస్యమయ్యాయి. నేను మీకు పంపినవాళ్లు ఏడుగురు, వాళ్లలో ఎవరు కొన్నారో మీకే తెలియాలి. శ్రావణంలో ఫాల్ ఉచితం ఆపుతున్నాను, కానీ మీ చీటీ తెచ్చినవాళ్లకి వారానికి ఆరు జాకెట్లు ముందు వరసలో తీసుకుంటాను. మిగతాది మళ్లీ కార్తీకం పెళ్లిళ్లకి ముందు మాట్లాడుకుందామా?"